ఏడాది మధ్యలో టీసీ అడిగితే మార్చి దాకా ఫీజు కట్టమంటున్నారు (రాయగడ)

రాయగడ_నాన్న
అందరికీ నమస్కారం. మా బాబు ఇక్కడ ప్రైవేటు సీబీఎస్‌ఈ స్కూల్లో ఆరో క్లాసు. నాకు పార్వతీపురం ట్రాన్స్‌ఫర్ అయింది, అక్టోబరు 31తో బాబుని మాన్పించి అక్కడ ఒక ప్రైవేటు స్కూల్లో చేర్చాలి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఫీజు పూర్తిగా కట్టేశాను. మూడు నెలలకి 10,500 చొప్పున కడతాం, బస్సుకి నెలకి 800 వేరే. చేరేటప్పుడు 5,000 డిపాజిట్ తీసుకున్నారు, రశీదు ఉంది. ఇప్పుడు ఆఫీసులో నోటిమాటగా అడిగితే మిగిలిన రెండు క్వార్టర్లు, అంటే 21,000 కట్టాకే టీసీ ఇస్తామంటున్నారు. బాబు నవంబరులో ఆ స్కూలు గడపే తొక్కడు కదా, ఇదెక్కడి లెక్క? లెటర్ ఎలా రాయాలో, ఏం అడగొచ్చో తెలిసినవాళ్లు చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

గునుపూర్_శ్రీను
అన్నా, విద్యాహక్కు చట్టం, అదే ఆర్‌టీఈలో సెక్షన్ 5 ఉంది. టీసీ వెంటనే ఇవ్వాలి, టీసీ లేటైందని కొత్త స్కూలు సీటు ఆపకూడదు. ఆ పేపరు ప్రింటు తీసి టేబుల్ మీద పెట్టండి, పార్వతీపురంలో కూడా అదే చూపించండి. ఒక్క రూపాయి కూడా కట్టకండి.

బరంపురం_మాస్టారు
శ్రీను బాబు చెప్పింది సగం నిజం. సెక్షన్ 5లో ఆ మాటలున్నాయి, కానీ ఆ బదిలీ హక్కు ప్రభుత్వ స్కూళ్లలో, ఎయిడెడ్ స్కూళ్లలో చేరేవాళ్లకి. ఎయిడ్ లేని ప్రైవేటు స్కూళ్లని అదే సెక్షన్‌లో పక్కన పెట్టారు. ఈయన బాబు చేరేది ప్రైవేటులో, కాబట్టి అక్కడి వాళ్లు "టీసీ తెచ్చాకే చేర్చుకుంటాం" అంటే ఈ సెక్షన్ చూపించి గట్టిగా నిలబడలేరు. ప్రభుత్వ స్కూల్లో చేర్చేవాళ్లకి మాత్రం అది బాగా పనికొస్తుంది.

నేను బరంపురంలో స్కూలు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను, ఇలాంటి ఉత్తరాలు తీసుకున్నవాడినే. అందుకే అవతలి వైపు నుంచి చెప్తున్నాను. నోటిమాటగా అడిగితే ఆఫీసువాళ్లు ఎప్పుడూ పెద్ద అంకె చెప్తారు, కాగితం మీద అడిగితే కాగితం మీదే జవాబివ్వాలి కాబట్టి ఆగి ఆలోచిస్తారు. ముందు అడ్మిషన్ అప్పుడు మీరు సంతకం పెట్టిన ఫారం, ఫీజు బుక్కు వెనక పేజీ వెతకండి. మధ్యలో మానేస్తే ఎన్ని రోజుల ముందు చెప్పాలో, చెప్పకపోతే ఏం కట్టాలో అక్కడ రాసి ఉంటుంది. ఏం రాశారో ఇక్కడ పెట్టండి, అది చూడకుండా లెక్క చెప్పలేను.

జయపురం_లక్ష్మి
మా అమ్మాయి తొమ్మిదిలో ఉండగా మేమూ విశాఖ వెళ్లాం. టీసీ ఇచ్చారు కానీ బోర్డు రిజిస్ట్రేషన్ అప్పటికే అయిపోయింది, కొత్త స్కూలువాళ్లు బోర్డుకి రాసి పేరు మార్పించేసరికి మా ప్రాణం పోయింది. మీరు కూడా ముందు రిజిస్ట్రేషన్ సంగతి కనుక్కోండి, ఫీజు తర్వాత చూసుకోవచ్చు.

బరంపురం_మాస్టారు
లక్ష్మిగారూ, మీ కష్టం నిజమే, తొమ్మిది దాటితే బోర్డు రిజిస్ట్రేషన్ వచ్చి పడుతుంది, పదిలో అయితే బోర్డు అనుమతి లేనిదే కుదరదు. ఈయన బాబు ఆరో క్లాసు కాబట్టి ఆ గొడవ లేదు.

రాయగడ_నాన్న
మాస్టారూ, ఫీజు బుక్కు దొరికింది. వెనక ఇంగ్లిషులో ఉన్నదాని అర్థం ఇది: మధ్యలో మాన్పించాలంటే ఒక నెల ముందు రాసివ్వాలి, లేదంటే ఒక నెల ట్యూషన్ ఫీజు కట్టాలి, డిపాజిట్ బాకీలు పోను తిరిగిస్తాం. మార్చి దాకా కట్టాలని ఎక్కడా లేదు. ఉత్తరం ఇంకా ఇవ్వలేదు, అక్టోబరు 6న ఇద్దామనుకుంటున్నాను.

బరంపురం_మాస్టారు
ఇంకేం, మీ బలం ఆ పేజీయే. వాళ్లు రాసుకున్న నిబంధనే మీరు వాళ్లకి చూపిస్తారు. లెక్క చూద్దాం. క్వార్టర్‌కి 10,500 అంటే నెలకి 3,500. అక్టోబరు బాబు చదువుతున్నాడు కాబట్టి 3,500, బస్సు 800 ఇవ్వాల్సిందే. 6న ఉత్తరమిచ్చి 31న మానేస్తే నెల నోటీసు నిండదు, అందుకని నవంబరుకి ఇంకో 3,500 అడుగుతారు. అది వాళ్ల నిబంధన ప్రకారం న్యాయమే, దాని మీద పట్టుబట్టకండి. బస్సు ఎక్కడు కాబట్టి నవంబరు బస్సు డబ్బు ఉండదు. మొత్తం 7,800. డిపాజిట్ 5,000 పోతే మీరు కట్టాల్సింది 2,800. వాళ్లు చెప్పిన 21,000 ఎక్కడ, ఇదెక్కడ!

ఆ నవంబరు 3,500 మిగలాలంటే బాబు చివరి రోజు నవంబరు 5 అని రాయండి, మీకు కుదిరితేనే. అప్పుడు నెల నిండుతుంది, నవంబరుకి ఆ కొన్ని రోజుల ఫీజే అడగాలి. కొన్ని స్కూళ్లు నెల మొదలైతే మొత్తం నెల తీసుకుంటాయి, అది కూడా బుక్కులో ఉందేమో చూసుకోండి.

ఉత్తరంలో టీసీ సంగతి, ఫీజు సంగతి ఒకే వాక్యంలో కలపకండి. కలిపితే "ఫీజు తేలాక టీసీ" అని మీరే ఒప్పుకున్నట్టు చదువుతారు. ఇంగ్లిషులోనే ఇవ్వండి, విషయం ఇలా ఉండాలి:

"ప్రిన్సిపాల్ గారికి, ఆరో తరగతి సెక్షన్ ఫలానా, అడ్మిషన్ నంబరు ఫలానా విద్యార్థి తండ్రిని. నా ఉద్యోగం బదిలీ అయినందువల్ల మా అబ్బాయి చివరిసారి స్కూలుకి వచ్చే రోజు అక్టోబరు 31. ఈ ఉత్తరాన్ని మాన్పించే నోటీసుగా, టీసీకి దరఖాస్తుగా తీసుకుని ఆ తేదీ తర్వాత టీసీ, అర్ధ సంవత్సర పరీక్షల మార్కుల కార్డు, కండక్ట్ సర్టిఫికెట్ ఇవ్వగలరు. యూడైస్ పోర్టల్‌లో అబ్బాయి పేరు బయటికి వెళ్లినట్టు మార్చగలరు.

ఫీజు విషయం: సెప్టెంబరు దాకా చెల్లించాను, రశీదు నకళ్లు జతచేశాను. మీ ఫీజు పుస్తకంలోని నిబంధన ప్రకారం అక్టోబరు ట్యూషన్, బస్సు ఫీజు, నోటీసు నెల ట్యూషన్ కలిపి 7,800. ఇందులోంచి నా డిపాజిట్ 5,000 మినహాయించి మిగిలిన 2,800 చెల్లించడానికి సిద్ధంగా ఉన్నాను. లెక్కలో తేడా ఉంటే ఏ నిబంధన ప్రకారమో రాతపూర్వకంగా తెలియజేయగలరు."

రెండు కాపీలు తీసుకెళ్లండి, ఒకదాని మీద తేదీ వేసి స్టాంపు వేయించుకోండి. సీబీఎస్‌ఈ టీసీలో దరఖాస్తు పెట్టిన తేదీకి ఒక కాలమ్ ఉంటుంది, ఏ నెల దాకా ఫీజు కట్టారో దానికి ఇంకో కాలమ్ ఉంటుంది. ఫీజు కాలమ్‌లో మార్చి అని పడకూడదు, బాకీ ఉందని కూడా పడకూడదు, అందుకే ముందు లెక్క తేల్చుకోమంటున్నాను.

పర్లాకిమిడి_రమ
పేరు కూడా చూసుకోండి అండి. మా పాప టీసీలో ఇక్కడి పద్ధతిలో ఇంటిపేరు చివర రాశారు, ఆధార్‌లో ముందు ఉంది. పాతపట్నం స్కూల్లో కంప్యూటర్‌లో ఎక్కించేటప్పుడు రెండూ ఒకరివి కావన్నారు. ఆధార్‌లో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా టీసీలో రాయమని ఉత్తరంతోపాటే అడగండి, ఇచ్చాక మార్చాలంటే మళ్లీ తిప్పుతారు.

ఇంకోటి, మాది ఒడిశా బోర్డు స్కూలు, టీసీ మీద ఇక్కడి విద్యాధికారి సంతకం కూడా అడిగారు. మీది సీబీఎస్‌ఈ అంటున్నారు కాబట్టి పార్వతీపురం స్కూలువాళ్లని ముందే అడిగేయండి, రాష్ట్రం దాటాక వెనక్కి రావడం కష్టం.

గునుపూర్_శ్రీను
సరే మాస్టారూ, ప్రైవేటు సంగతి నాకు తెలీదు. కానీ వాళ్లు డబ్బులిచ్చేదాకా టీసీ ఆపితే కన్స్యూమర్ కోర్టుకి వెళ్లొచ్చు కదా? ఆ మాట అంటేనే భయపడతారు.

బరంపురం_మాస్టారు
వెళ్లొచ్చు, కానీ దాని మీద ఆధారపడకండి. విద్య సరుకు కాదు, స్కూళ్లు, కాలేజీలు కన్స్యూమర్ చట్టం కిందికి రావు అన్నట్టు సుప్రీంకోర్టు 2012లో ఒక కేసులో చెప్పింది. అయినా కింది కమిషన్లు కొన్నిసార్లు ఫీజు వెనక్కి ఇప్పించాయి, కాబట్టి ఎటు పోతుందో చెప్పలేం. నా అనుభవంలో పనిచేసేది వేరు. స్కూలుది సీబీఎస్‌ఈ కాబట్టి ఉత్తరానికి జవాబు రాకపోతే కాపీ జతచేసి జిల్లా విద్యాధికారికి ఒకటి, సీబీఎస్‌ఈ ప్రాంతీయ కార్యాలయానికి ఒకటి పంపండి. 2024లో మద్రాస్ హైకోర్టు కూడా టీసీ ఫీజు వసూలు సాధనం కాదని, బాకీల సంగతి టీసీ మీద రాయకూడదని చెప్పింది. అది తమిళనాడు కేసు, ఒడిశాలో అలాగే కట్టుబడాలని లేదు, కానీ ఉత్తరంలో ఒక వాక్యం రాస్తే చదివేవాళ్లు ఆలోచిస్తారు.

రాయగడ_నాన్న
ఉత్తరం ఇచ్చాను మాస్టారూ. తీసుకున్నారు కానీ స్టాంపు వేయనన్నారు. "ప్రిన్సిపాల్ సారు లేరు" అని తిప్పారు.

బరంపురం_మాస్టారు
అదే ఉత్తరం ఈరోజే స్కూలు అధికారిక ఈమెయిల్‌కి పంపండి, పోస్టాఫీసులో స్పీడ్ పోస్టు కూడా చేయండి. ఆ రశీదు మీద తేదీయే మీ నోటీసు తేదీ. రేపు "ఉత్తరం రాలేదు, నోటీసు ఇవ్వలేదు" అనలేరు. పోస్టు రశీదు పారేయకండి.

రాయగడ_నాన్న
పంపాను. ఈమెయిల్‌కి జవాబు వచ్చింది. 21,000 మాట లేదు ఈసారి, కానీ కొత్తది పెట్టారు: ఏప్రిల్‌లో కట్టిన యాన్యువల్ ఛార్జీలు తిరిగి ఇవ్వం, మీరు అడగలేదు కానీ ముందే చెప్తున్నాం అన్నారు. టీసీ నవంబరు మొదటి వారంలో ఇస్తామన్నారు, 2,800కి ఒప్పుకున్నట్టే ఉంది. ఆ యాన్యువల్ ఛార్జీల్లో సగం అడగొచ్చా?

జయపురం_లక్ష్మి
మాకు పైసా ఇవ్వలేదు. అడిగి చూడండి.

బరంపురం_మాస్టారు
యాన్యువల్ ఛార్జీల సంగతి ఫీజు బుక్కులో ఏమీ లేకపోతే అడగడంలో తప్పు లేదు. కానీ ల్యాబు, పరీక్షలు, డైరీ అని ఏడాది మొదట్లోనే ఖర్చయిపోయిందంటారు, నేను పనిచేసినన్నాళ్లూ తిరిగిచ్చింది చూడలేదు. వేరే ఉత్తరంలో, టీసీ చేతికొచ్చాక అడగండి.

పర్లాకిమిడి_రమ
టీసీ వచ్చాక కూడా ఒకటి మిగిలి ఉంటుంది. యూడైస్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో బాబుకి ఇచ్చిన పెన్ నంబరు పాత స్కూల్లోనే చూపిస్తుంటే కొత్త స్కూలు చేర్చుకున్నా పేరు ఎక్కదు. టీసీ తీసుకునే రోజు ఆఫీసులోనే కూర్చుని "టీసీతో వెళ్లిపోయాడు" అని పోర్టల్‌లో మార్పించుకోండి. అలా మారిస్తే పేరు డ్రాప్‌బాక్స్‌లోకి వెళ్తుంది, అక్కడినుంచి పార్వతీపురం స్కూలు పెన్ నంబరు, పుట్టిన తేదీ కొట్టి తీసుకుంటుంది. పాత స్కూలు మార్చకపోతే కొత్త స్కూలు నుంచే రిలీజ్ రిక్వెస్ట్ పెట్టమని అడగండి, మాకు అలాగే జరిగింది.

రాయగడ_నాన్న
పెన్ నంబరు మార్కుల కార్డు మీద ఉంది రమగారూ. పార్వతీపురం స్కూల్లో అడిగితే టీసీ వచ్చేదాకా తాత్కాలికంగా కూర్చోబెట్టుకుంటామన్నారు, నేను వారంలో తెచ్చిస్తానని రాసివ్వాలట. విద్యాధికారి సంతకం అక్కర్లేదనే అంటున్నారు, అయినా అది రాతలో అడుగుతాను. నవంబరులో టీసీ చేతికొచ్చాక ఆ ఫీజు కాలమ్‌లో ఏం రాశారో ఇక్కడ చెప్తాను.