అట్రోపిన్ ఇచ్చినా కండరాల బలహీనత ఎందుకు తగ్గదు?

నమస్కారం అండి. ఒంగోలులో నర్సింగ్ చదువుతున్నాను. మా వైపు మిర్చి, పత్తికి కొట్టే పురుగుమందు ఒంట్లోకి పోయిన కేసులు వార్డుకి వస్తుంటాయి. ఆ మందుల్లోని ఆర్గానోఫాస్ఫేట్ వల్ల, నరాల సంకేతాన్ని మోసే అసిటైల్‌కోలిన్ విరగకుండా పేరుకుపోతుంది. అట్రోపిన్ ఇస్తే నాడి వేగం పుంజుకుంటుంది, ఊపిరితిత్తుల్లో స్రావాలు తగ్గుతాయి. కండరాలు మాత్రం అలాగే నీరసంగా ఉంటాయి.

నాకు అర్థమైంది చెప్తాను, తప్పుంటే దిద్దండి. కండరం మీది నికోటినిక్ రిసెప్టర్ అయానోట్రోపిక్. రెండు అసిటైల్‌కోలిన్ అణువులు అతుక్కోగానే దాని మధ్యలోని రంధ్రమే తెరుచుకుని సోడియం లోపలికి వస్తుంది. అంతా మిల్లీసెకన్లలో పని. గుండెలోని ఎం2 రిసెప్టర్ మెటబోట్రోపిక్. దానికి సొంత రంధ్రం లేదు. అది జీ ప్రోటీన్‌ను కదిలిస్తే, ఆ ప్రోటీన్‌లోని ఒక భాగం వెళ్లి వేరే పొటాషియం చానెల్‌ను తెరుస్తుంది, గుండె నెమ్మదిస్తుంది. అట్రోపిన్ అడ్డుకునేది ఈ మస్కరినిక్ రకాన్నే కాబట్టి కండరానికి లాభం లేదు. అంతేనా?

అసలు చిక్కు మెదడులో న్యూరాన్లను అణిచే గాబా అనే రసాయనం రిసెప్టర్ల దగ్గర. గాబా-ఎ తనలోంచే క్లోరైడ్‌ను పంపుతుంది, గాబా-బి ఎం2 లాగే జీ ప్రోటీన్ ద్వారా పొటాషియం చానెల్‌ను తెరుస్తుంది. రెండూ న్యూరాన్‌ను అణిచేవే, రెండిట్లోనూ కదిలేవి అయాన్లే. మరి ప్రయోగంలో వీటిని ఎలా విడదీస్తారు? స్పందన ఆలస్యాన్ని బట్టా, లేక పర్టుసిస్ టాక్సిన్‌తో జీ ప్రోటీన్‌ను ఆపి చూస్తారా? ఆలస్యం ఒక్కటే చూస్తే సరిపోతుందా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.