అప్‌డేట్: ఎడమ వెనుక తలుపు దగ్గర దొరికిన సంగతి

నా ప్రశ్న: "మారతహళ్లిలో చూసిన పాత కారుకు ఒక్క దెబ్బ కూడా తగలలేదంటున్నారు. పెయింట్ మందం కొలిచే గేజ్‌తో అది తేలుతుందా?"

తేలింది. మిత్రుడి గేజ్‌ను దానితో వచ్చిన ఇనుప పలకపై సరిచూసుకొని, ముందుగా పైకప్పు మీద కొలిస్తే 105 నుంచి 120 మైక్రాన్లు వచ్చాయి కనుక, దానినే ఈ కారుకు కొలమానంగా పెట్టుకున్నాను. బానెట్టు, కుడి తలుపులు ఇంచుమించు అంతే చూపాయి. ఎడమ వెనుక తలుపు మాత్రం అంతటా 240 దాకా ఉంది, అంటే మళ్లీ రంగు వేశారు. దాని వెనుక ఫెండర్‌పై, చక్రం వంపు దగ్గర, అరచేయంత మేర 900 దాటడంతో కింద పుట్టీ ఉందని అర్థమైంది. బంపర్ ప్లాస్టిక్కు కాబట్టి అక్కడ గేజ్ ఏమీ చెప్పలేదు.

ఆ తలుపుకూ ఫెండర్‌కూ మధ్య సందు పైన సన్నగా, కింద వేలి గోరు దూరేంతగా ఉంది. కుడివైపు అదే సందు పైనుంచి కిందికి సమానంగా ఉంది. తలుపు కీలు బోల్టు అంచున రంగు చిట్లి, పానా పట్టిన గుర్తు కనిపించింది. సందు ఒక్కటే అయితే సర్దుబాటు లోపమనుకొని వదిలేసేవాణ్ని.

అమ్మేవారు అప్పుడు "చిన్న గీతండీ" అన్నారు. డిక్కీలో స్టెప్నీ కింది రేకు, వెల్డింగ్ చుక్కలు చూపించమంటే ఒప్పుకోలేదు. నేను కొనలేదు.