ఓవర్లతో దశాంశాలు: కథలో టీచర్ పాఠం ఎక్కడ చెడింది?

చిత్తుప్రతి:
డీఎస్సీ ద్వారా కొత్తగా చేరిన లెక్కల టీచర్ల శిక్షణలో చదివించడానికి రాసిన చిన్న కథ ఇది. చదివినవాళ్ళు రెండుగా చీలిపోతున్నారు. పిల్లలకు పునాది లేదని కొందరు, ఉదాహరణే తప్పని కొందరు. మీరేమంటారు? ముగింపు మార్చాలా?

*ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు. ఆరో తరగతి, భోజనం తర్వాతి పీరియడ్. తెలిసినదాని నుంచి తెలియనిదానికి వెళ్ళాలని బీఈడీలో చదివింది మేడమ్‌కి గట్టిగా గుర్తుంది. బోర్డు మీద 4.1, 4.2, 4.3 రాసింది.*

*"ఇవెక్కడ చూశారు?"*

*"ఓవర్లు మేడమ్!" నిద్రమొహాలన్నీ ఒక్కసారి లేచాయి.*

*4.4, 4.5 రాసింది. "తర్వాత?"*

*"అయిదు!"*

*మేడమ్ 4.6 రాసింది. 4.7 రాసింది. వెనక బెంచీ నుంచి ఎవడో, "వైడ్లు పడ్డాయా మేడమ్?" అన్నాడు.*

*నవ్వులు ఆగాక, "ఇవి ఓవర్లు కావు, దశాంశాలు. ఓవర్లు మర్చిపోండి" అని 4.5 + 0.3 ఇచ్చింది. మొదట చెయ్యెత్తినవాడు ఊళ్ళో మ్యాచ్‌లకి స్కోరు రాసే కుర్రాడు. 5.2 అన్నాడు. వాడి వెనకాలే సగం క్లాసు 5.2 అంది. కిటికీ పక్క అమ్మాయి మాత్రం 4.8 అంది. మేడమ్ ప్రాణం కుదుటపడింది. "మరి 4.8, 4.63, ఏది పెద్దది?" "4.63 మేడమ్. ఎనిమిది కంటే అరవై మూడు పెద్దది కదా" అంది అదే అమ్మాయి. గంట కొట్టారు.*

*సాయంత్రం నోట్సులు దిద్దుతూ 5.2 దగ్గర ఇంటూ పెట్టబోయి ఆగింది. నాలుగు ఓవర్ల అయిదు బంతులకి మూడు బంతులు కలిపితే అయిదు ఓవర్ల రెండు బంతులు. వాడు సరిగ్గానే కూడాడు. మర్నాడు పుస్తకం తెరవలేదు. తెల్లకాగితాలు పంచి, "4.5లో చుక్క తర్వాతున్న అయిదు ఏంటో బొమ్మ గీయండి" అంది. వచ్చినవాటిలో అయిదు బంతులున్నాయి. అయిదు రూపాయి బిళ్ళలున్నాయి. ఒక కాగితం మీద ఉత్త చుక్క ఉంది.*

ఎక్కాలబాబాయ్:
పునాది లేదండీ, ఇంకేం లేదు. స్థాన విలువ రానివాళ్ళని కూర్చోబెట్టి దశాంశాలు చెబితే ఇలాగే ఉంటుంది. దీనికి బొమ్మలు గీయించడం దేనికి? చుక్క కింద చుక్క పెట్టాలి, ఖాళీ ఉన్నచోట సున్నా వేయాలి. 4.8ని 4.80 చేస్తే, 80 పెద్దదా 63 పెద్దదా అని మూడో తరగతి పిల్లాడు కూడా చెబుతాడు. పది నిమిషాల పాఠం. కథలో మేడమ్ క్రికెట్ జోలికి పోయి పీరియడ్ పాడుచేసుకుంది.

గళ్ళకాగితం:
బాబాయ్ గారూ, సున్నా వేస్తే జవాబు వస్తుంది, కాదనను. కానీ ఆ అమ్మాయి ఆలోచన ఇసుమంత కూడా మారదు. చుక్క తర్వాతున్నదాన్ని ఆమె మామూలు పూర్ణసంఖ్యలాగే చూస్తోంది. మీరు సున్నా వేయించి 80, 63 పోల్చమన్నప్పుడు మళ్ళీ పూర్ణసంఖ్యలనే పోల్చమంటున్నారు. అదే అమ్మాయిని 4.5కీ 4.6కీ మధ్య ఏమైనా సంఖ్య ఉందా అని అడిగి చూడండి, లేదంటుంది.

అసలు ఈ కథలో రెండు రకాల తప్పులున్నాయి. చదివినవాళ్ళు చీలిపోవడానికి కారణం కూడా అదేననిపిస్తోంది. ఉత్త చుక్క పెట్టిన పిల్లకి ఏమీ తెలియదు. అక్కడ బాబాయ్ గారన్నట్టు పునాది లేదు, చెప్పాలి. స్కోరు రాసే కుర్రాడి సంగతి వేరు. వాడికి చుక్క గురించి బాగా తెలుసు, కాకపోతే ఆ తెలిసింది ఇక్కడ పనికిరాదు. ఓవర్లో చుక్క తర్వాత ఆరుకి ముందున్న అంకె మారుతుంది, దశాంశంలో పదికి మారుతుంది. రాతలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. మొదటి పిల్లకి చేసే వైద్యం వీడికి చేస్తే వీడు బుద్ధిగా వింటాడు, నోట్సు రాసుకుంటాడు, పరీక్షలో మళ్ళీ 5.2 వేస్తాడు. "మర్చిపోండి" అంటే మర్చిపోయే విషయమా అది!

ఎవరిది ఏ రకమో కనిపెట్టడానికి రెండు జతలు చాలు. 4.8, 4.63 ఒక జత. 5.736, 5.62 రెండోది. అంకెలు ఎక్కువుంటే పెద్దదనుకునేవాడు మొదటిది తప్పుతాడు, రెండోది ఒప్పవుతుంది. పొట్టిగా ఉన్నదే పెద్దదనుకునేవాళ్ళు కూడా ఉంటారు, వాళ్ళకి సరిగ్గా తిరగబడుతుంది. మెల్బోర్న్‌లో కే స్టేసీ, విక్కీ స్టైన్లీ ఇలాంటి జతలతోనే పిల్లల్ని రకాలుగా విడదీశారు. ఒక్క జతే ఇస్తే కొంతమంది తప్పు ఆలోచనతోనే ఒప్పు జవాబు రాసి తప్పించుకుంటారు. కథలో కిటికీ పక్క అమ్మాయి చేసింది అదే. ఆమె 4.8 అన్నప్పుడు మేడమ్ కుదుటపడకూడదు.

పీరియడ్‌లెక్క:
విశ్లేషణ బావుంది సార్. కానీ క్లాసులో నలభై మంది, పీరియడ్ నలభై అయిదు నిమిషాలు, హాజరుకే అయిదు పోతాయి. ప్రతి పాఠానికీ బొమ్మలు గీయించి, జతలిచ్చి, రకాలు విడదీస్తూ కూర్చుంటే సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు? శిక్షణ కథలు ఈ మాట ఎప్పుడూ చెప్పవు.

గళ్ళకాగితం:
ప్రతి పాఠానికీ అక్కర్లేదు సార్. రాత పాతదే ఉండి అర్థం మారేచోట చాలు. ఆరో తరగతి లెక్కల్లో అలాంటివి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు: దశాంశాలు, భిన్నాలు, రుణసంఖ్యలు, x అక్షరం. పైన చెప్పిన రెండు జతలూ ముందురోజు చివరి అయిదు నిమిషాల్లో చీటీ మీద రాయించుకుంటే నాలుగు కుప్పలు పడతాయి: రెండూ ఒప్పు, మొదటిదే తప్పు, రెండోదే తప్పు, రెండూ తప్పు. నలభై చీటీలు విడదీయడం టీ తాగేలోపు అయిపోతుంది. రెండూ తప్పినవాళ్ళకి 1ని పది సమభాగాలు చేసి అందులో మూడు రంగు వేయమనండి. అది కూడా రాకపోతే అప్పుడు నిజంగా పునాది సమస్య.

స్కోరుబుక్కు:
టాపిక్ ఓవర్ల గురించి కాబట్టి అడుగుతున్నా. మా టోర్నమెంట్ రన్ రేట్ ఎక్సెల్‌లో వేస్తే యాప్‌లో చూపించేదానికి తేడా వస్తోంది. 18.3 ఓవర్లలో 148 కొట్టారు. నాకు 8.09 వస్తోంది, యాప్ 8.00 అంటోంది. ఏది కరెక్ట్? ఇంకో మాట, వైడ్ పడినా 4.7 రాదు. వైడ్‌ని బంతుల లెక్కలో వేయరు కదా. కథలో ఆ వెనక బెంచీవాడికి క్రికెట్ తెలీదు.

గళ్ళకాగితం:
యాప్ కరెక్ట్. 18.3 అంటే 18 ఓవర్ల మూడు బంతులు, అంటే పద్దెనిమిదిన్నర ఓవర్లు. 148ని 18.5తో భాగించాలి. మీరు 18.3తో భాగిస్తున్నారు. ఓవర్లు A2లో ఉంటే ఇలా మార్చుకోండి:

```
=INT(A2)+(A2-INT(A2))*10/6
```

టాపిక్ వేరైనా మంచి సాక్ష్యం ఇచ్చారు. ఎక్సెల్ 18.3ని దశాంశంగా చదివింది, మీరు ఓవర్లుగా టైప్ చేశారు. కథలో కుర్రాడికి జరిగింది ఇదే, అటునుంచి.

పీరియడ్‌లెక్క:
హహ. ఈ రన్ రేట్ లెక్కే క్లాసులో పెట్టాలి. అందుకే నేను ఓవర్లు వద్దనే పక్షం కాదు. మేడమ్ ఓవర్లు తేవడం తప్పు కాదు, మధ్యలో వదిలేయడం తప్పు. 4.5 తర్వాత అయిదు అని క్లాసంతా అరిచినప్పుడు "ఎందుకు అయిదు?" అని అడిగి ఉంటే సరిపోయేది. ఓవర్‌కి ఆరు అని వాళ్ళే చెబుతారు. "ఓవర్‌కి పది బంతులు వేస్తే?" అనండి. 4.6, 4.7, 4.8, 4.9, అప్పుడు అయిదు. పిల్లలకి తెలిసినదాన్నే కొంచెం వంచితే దశాంశం వచ్చేస్తుంది.

గళ్ళకాగితం:
ఒక స్థానం వరకూ వస్తుంది. 4.63 దగ్గర ఆగిపోతుంది. పది బంతుల ఓవర్లో అరవై మూడో బంతి ఎక్కడిది? సగం బంతి అనేదే ఉండదు కాబట్టి 4.5కీ 4.6కీ మధ్య ఏమీ లేదన్న ఊహ ఇంకా గట్టిపడుతుంది. అందుకే మొదట స్కేలు తీయించమంటాను. జామెట్రీ బాక్సులో ఎలాగూ ఉంటుంది. 4.5 సెం.మీ. దగ్గర పెన్సిల్ పెట్టి మూడు చిన్న గీతలు జరిపితే 4.8. ఇక్కడ చూసుకోవాల్సింది ఒకటుంది: కొందరు గీతల మధ్య జాగా కాకుండా గీతల్ని లెక్కపెడతారు, పెన్సిల్ ఉన్న గీతతో కలిపి మూడు అనుకుని 4.7 అంటారు. తర్వాత గళ్ళకాగితం మీద పదికి పది చదరం. నిలువు పట్టీ ఒకటి 0.1, చిన్న గడి ఒకటి 0.01. 4.8, 4.63లో నాలుగు రెంటికీ ఉంది కాబట్టి మిగతాదే చూడాలి. ఎనిమిది పట్టీలు ఒకవైపు, ఆరు పట్టీల మూడు గళ్ళు ఇంకోవైపు రంగు వేయించండి. 0.8 పక్కన 0.80 కూడా రంగు వేయించాక బాబాయ్ గారి సున్నా చిట్కా నిరభ్యంతరంగా చెప్పొచ్చు. అప్పటికి సున్నా ఎందుకు వేయొచ్చో వాళ్ళు చూసి ఉంటారు. "అరవై మూడు" అని చదవనీయకండి, "నాలుగు పాయింట్ ఆరు మూడు" అనిపించండి.

ఎక్కాలబాబాయ్:
సున్నా చిట్కా చివరికి తెచ్చారుగా, సంతోషం. అయినా నా అనుమానం నాదే. గళ్ళు నింపినంతసేపూ బాగానే చేస్తారు, కాగితం తీసేయగానే మళ్ళీ 63 పెద్దదంటారు. అభ్యాసం లేకుండా ఏ బొమ్మా నిలవదు.

గళ్ళకాగితం:
నిలవదు, ఒప్పుకుంటాను. అందుకే వారం తర్వాత అవే రెండు జతలు అంకెలు మార్చి, గళ్ళు లేకుండా ఇవ్వాలి. రెండోసారి పొట్టిదే పెద్దదనే కుప్ప పెరిగితే కంగారుపడొద్దు. వందో వంతు పదో వంతుకంటే చిన్నదని కొత్తగా తెలిసి, ఎన్ని వందో వంతులున్నాయో చూడకుండా దాన్నే అన్నిటికీ వాడేస్తున్నారన్నమాట.

చిత్తుప్రతి:
కిటికీ పక్క అమ్మాయి దగ్గర మేడమ్ కుదుటపడే వాక్యం అలాగే ఉంచుతున్నా. శిక్షణలో చదివేవాళ్ళు అక్కడ ఆమెతోపాటు మోసపోవాలి. మర్నాటి క్లాసుకి రెండు జతలు చేరుస్తాను. కానీ ఆ తర్వాత మేడమ్ పది బంతుల ఓవర్ మొదలుపెట్టాలా, స్కేలు తీయించాలా? స్కోరు రాసే కుర్రాడికి స్కేలు చూపిస్తే వాడి 5.2కి జవాబు దొరికినట్టేనా?

పీరియడ్‌లెక్క:
దొరకదు. వాడికి ముందు "నీ లెక్క ఓవర్లలో కరెక్ట్" అని బోర్డు మీద ఒక గడిలో రాసి చెప్పాలి. పక్కనే రెండో గడి గీసి 4.8 రాయాలి. స్కేలు ఆ తర్వాత.

గళ్ళకాగితం:
వాడి వరకూ ఒప్పుకుంటాను. కానీ క్రికెట్ చూడని పిల్లలకి ఆ మొదటి గడి ఏం చెబుతుంది? ఓవరంటే ఏంటో నేర్పుతూ ఇంకో పీరియడ్ పోతుంది.