ఇంగ్లీష్ రీసెర్చ్ పేపర్లు త్వరగా చదవడం ఎలా? (లీడ్స్, మాస్టర్స్ మొదటి సెమిస్టర్)

సింధు, లీడ్స్

అందరికీ నమస్కారం. గుంటూరులో బీడీఎస్ చేసి, ఇక్కడ పబ్లిక్ హెల్త్ మాస్టర్స్‌లో ఈమధ్యే చేరాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం. వైద్య పదాలతో ఇబ్బంది లేదు. కానీ పేపర్ తెరిస్తే ఒక్కో వాక్యం నాలుగైదు లైన్లుంటోంది. చివరికొచ్చేసరికి మొదట్లో ఏముందో మర్చిపోతున్నాను. తెలియని ప్రతి మాటకీ డిక్షనరీ చూస్తుంటే ఒక్క పేజీకే సాయంత్రం అయిపోతోంది. వచ్చే గురువారం జర్నల్ క్లబ్‌లో రికవరీ ట్రయల్ పేపర్ నేనే చెప్పాలి, కొవిడ్‌లో డెక్సామెథసోన్ గురించినది. టెన్షన్‌గా ఉంది. మీరంతా ఎలా చదివేవారు?

రమణ, డల్లాస్

సింధు గారూ, ఐఈఎల్‌టీఎస్ రీడింగ్‌కి రోజూ ఒక ప్రాక్టీస్ టెస్ట్ టైమ్ పెట్టుకుని చేయండి. మా అబ్బాయి అలాగే స్కోరు పెంచుకున్నాడు. హైదరాబాద్‌లో ఆన్‌లైన్ కోచింగ్ కూడా దొరుకుతుంది.

సింధు, లీడ్స్

ఐఈఎల్‌టీఎస్ అయిపోయిందండీ, అందులో మంచి స్కోరే వచ్చింది. పేపర్లే కొరుకుడు పడటం లేదు.

పద్మజ, గ్లాస్గో

సింధూ, క్లినికల్ ట్రయల్స్‌లో స్టాటిస్టిక్స్ పని నాది. ఆ పేపర్ బాగా తెలుసు కాబట్టి దాని మీదే చెప్తాను.

మొదటి పేజీ నుంచి వరసగా చదవకు. ఒక తెల్ల కాగితం తీసుకుని, అబ్‌స్ట్రాక్ట్ చూసి నాలుగు సంగతులు తెలుగులో రాసుకో: ఎవరికి, ఏం ఇచ్చారు, దేంతో పోల్చారు, ఏం లెక్కపెట్టారు. ఇక్కడైతే కొవిడ్‌తో ఆసుపత్రిలో చేరినవారికి, రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్, గరిష్ఠంగా 10 రోజులు. పోల్చింది మామూలు చికిత్సతో. చూసింది 28 రోజుల్లోపు మరణాలు. ఇంతవరకూ పొడుగు వాక్యాల జోలికి వెళ్లనక్కర్లేదు.

తర్వాత నేరుగా ఫలితాల బొమ్మ దగ్గరికి వెళ్లు. రోగులను మూడు వర్గాలు చేసి మూడు వరుసల్లో చూపిస్తారు. ఆ అంకెలు నీ చేత్తో ఎత్తి రాసుకో. వెంటిలేటర్ మీద ఉన్నవారిలో మందు తీసుకున్నవాళ్లలో 29.3 శాతం చనిపోయారు, తీసుకోనివాళ్లలో 41.4. ఆక్సిజన్ మాత్రమే పెట్టినవారిలో 23.3, 26.2. ఏదీ అక్కర్లేనివారిలో 17.8, 14.0. మొత్తం మీద 22.9, 25.7.

ఇప్పుడు ఫోన్‌లో లెక్క చెయ్యి. 22.9ని 25.7తో భాగిస్తే 0.89 వస్తుంది. పేపర్‌లో 0.83 అని ఉంటుంది. నీ లెక్క తప్పు కాదు, వాళ్ల లెక్కా తప్పు కాదు. కళ్లు దాటేసిన మాట ఏదో ఉందన్నమాట. ఆ 0.83 పక్కనే ‘ఏజ్-అడ్జస్టెడ్’ అని ఉంటుంది. మందు తీసుకున్న వర్గంలో సగటు వయసు, యాదృచ్ఛికంగానే, 1.1 ఏళ్లు ఎక్కువ వచ్చింది. వయసు పెరిగితే మరణాలూ పెరుగుతాయి కదా, ఆ తేడాని సర్దారు. కొంత లెక్కగట్టే పద్ధతి వల్ల కూడా తేడా వస్తుంది, కానీ ప్రధాన కారణం వయసే. ఇప్పుడు మెథడ్స్‌లో స్టాటిస్టిక్స్ పేరా చదివితే ‘ఈ వయసు సంగతి ఎక్కడ చెప్పారు’ అని వెతుక్కుంటూ చదువుతావు. ఊరికే చదవడానికీ ఇలా చదవడానికీ చాలా తేడా ఉంటుంది.

ఇక పొడుగు వాక్యాల సంగతి. మన భాషలో క్రియ చివర్లో వస్తుంది కాబట్టి చివరిదాకా ఆగడం మనకి అలవాటు. ఇంగ్లీష్‌లో అసలు విషయం తరచు ముందే అయిపోతుంది, మిగతాదంతా తోక. కర్త కింద, క్రియ కింద గీత గీసి, తోకని ముక్కలుగా విడదియ్యి. ఈ పేపర్ ముగింపు వాక్యం అసలు విషయం ‘డెక్సామెథసోన్ వాడకం 28 రోజుల మరణాలు తగ్గించింది’ అంతే. మిగతా ముక్కలన్నీ ఎవరిలో తగ్గించింది, ఎవరిలో తగ్గించలేదు అని చెప్పేవే.

కిరణ్, బర్మింగ్‌హామ్

నేను ఫార్మసీ చదివాను. అబ్‌స్ట్రాక్ట్, కంక్లూజన్ చదివితే చాలండీ, వారానికి నాలుగు పేపర్లిస్తే పూర్తిగా ఎవరు చదువుతారు? పద్మజ గారు రాసిన అంకెల్లోనే ఉందిగా: ఆక్సిజన్ అక్కర్లేనివారిలో 14.0 నుంచి 17.8కి పెరిగింది. అంటే వాళ్లకి స్టెరాయిడ్ ఇస్తే చనిపోతారని పేపర్ తేల్చేసింది.

పద్మజ, గ్లాస్గో

కిరణ్ గారూ, వారానికి నాలుగు ఉంటే అందులో మూడింటికి మీ పద్ధతి సరిపోతుంది, ఒప్పుకుంటాను. తను చెప్పాల్సిన పేపర్‌కి మాత్రం సరిపోదు. మీరు చెప్పిన ఆ మూడో వరుసే చూడండి. నిష్పత్తి 1.19, దాని పక్కన అసలు విలువ ఉండగల హద్దులు 0.92 నుంచి 1.55 అని ఉంటాయి. నిష్పత్తి ఒకటి అంటే మందు ఇచ్చినా ఇవ్వకపోయినా తేడా లేదని, ఆ ఒకటి ఈ హద్దుల లోపలే ఉంది. కాబట్టి హాని రుజువైందనలేం, హాని లేదనీ అనలేం. ఆ వర్గంలో మేలు కనబడలేదు, హాని జరిగే అవకాశాన్ని కొట్టిపారేయలేం, అంతవరకే. ‘మే’, ‘పాసిబుల్’, ‘కన్సిస్టెంట్ విత్’ లాంటివి అలంకారానికి పెట్టరు. త్వరగా చదివేటప్పుడు ముందు జారిపోయేవి ఇవే.

కిరణ్, బర్మింగ్‌హామ్

హద్దులు చూడలేదండీ, అది నిజం. అయినా ఆ వర్గంలో ఎవరికైనా ఇవ్వమంటే నేను ఇవ్వను.

పద్మజ, గ్లాస్గో

నేనూ ఇవ్వమనను. కానీ ‘ఇవ్వకపోవడం మంచిది’ వేరు, ‘ఇస్తే చనిపోతారని తేలింది’ వేరు.

సింధు, లీడ్స్

పద్మజ అక్కా, నిన్న రాత్రి మీరు చెప్పినట్టే కూర్చున్నాను. అంకెలు, బొమ్మ గంటలోపే అయిపోయాయి. తెలుగులో ఇలా రాసుకున్నాను: ‘కొవిడ్ రోగి వెంటిలేటర్ మీదికి గానీ ఆక్సిజన్ మీదికి గానీ వెళ్తే, అప్పుడు డెక్సామెథసోన్ మరణాలు తగ్గిస్తుంది.’ సరిపోతుందా? తెలియని మాటలు ఇరవై పైన ఉన్నాయి, అన్నీ చూడాలా?

పద్మజ, గ్లాస్గో

బాగా రాశావు, ఒక్క ముక్క జారింది. ఆ వాక్యంలో ‘ఎట్ రాండమైజేషన్’ అని ఉంది, మళ్లీ చూడు. ట్రయల్‌లో చేర్చిన క్షణానికి ఎవరు ఎలా ఉన్నారో దాన్ని బట్టే మూడు వర్గాలు చేశారు. ఆక్సిజన్ లేకుండా చేరి, రెండు రోజుల తర్వాత ఆక్సిజన్ అవసరమైన మనిషి మూడో వరుసలోనే ఉంటాడు. నీ వాక్యం చూస్తే అతను రెండో వరుసలోకి వెళ్లిపోయాడు. జర్నల్ క్లబ్‌లో ఎవరైనా అడిగితే ఇక్కడే అడుగుతారు.

మాటలన్నీ చూడకు. మొదటిసారి చదివేటప్పుడు పెన్సిల్‌తో చుట్టి ముందుకెళ్లు. నువ్వు గీత గీసిన వాక్యాల్లో ఉన్నవి, మూడుసార్లు ఎదురైనవి మాత్రమే చూడు.

శ్రీధర్, మ్యూనిక్

తెలుగులో నోట్స్ రాసుకోవడంతో నేను ఏకీభవించను. చెప్పాల్సింది ఇంగ్లీష్‌లో కదా! తెలుగులో అర్థమైంది కానీ చెప్పబోతే మాటలు రావు. నేను మొదటి నుంచీ చిన్న చిన్న ఇంగ్లీష్ వాక్యాల్లోనే రాసుకుంటాను.

పద్మజ, గ్లాస్గో

ఇంగ్లీష్‌లో రాస్తే పేపర్‌లోని మాటలే అటూ ఇటూ మార్చి రాసేస్తాం, అర్థం కాకపోయినా అయినట్టే ఉంటుంది. పైన సింధు తప్పు బయటపడింది తను తెలుగులో రాయడం వల్లే. చెప్పడానికి స్లైడ్లు ఇంగ్లీష్‌లో చేసుకోవచ్చు. శ్రీధర్ గారి మాటా తీసిపారేయను, మనిషిని బట్టి ఉంటుంది.

సింధు, లీడ్స్

ఆ ముక్క మళ్లీ చూశాను, మార్చుకున్నాను. ఇంకో సందేహం అక్కా. ఆ తర్వాతి వారం పేపర్‌లో అంకెలే లేవు, నర్సుల ఇంటర్వ్యూలు మాత్రమే. దాన్ని ఎక్కడ పట్టుకోవాలి?

పద్మజ, గ్లాస్గో

దానికి నా పద్ధతి పనికిరాదు, అలాంటివి నేను చదివేది చాలా తక్కువ. ఎవరైనా చెప్పండి.

మాధవి, మెల్‌బోర్న్

నేను ఇంటర్వ్యూల మీదే పని చేస్తాను. అలాంటి పేపర్లో ఫలితాల భాగాన్ని సాధారణంగా ఉపశీర్షికలుగా విడదీస్తారు. ముందు అవి ఎత్తి రాసుకో. ప్రతి ఉపశీర్షిక కింద కొటేషన్లు ఉంటాయి, మనుషులు మాట్లాడిన ఇంగ్లీష్ కాబట్టి తేలిగ్గా ఉంటాయి, అవి ముందు చదువు. తర్వాత రచయిత చెప్పేది ఆ కొటేషన్ నుంచి నిజంగా వస్తోందో లేదో చూడు. థియరీ భాగం మాత్రం నాకూ ఇప్పటికీ రెండు మూడుసార్లు చదివితే గానీ ఎక్కదు, దానికి దగ్గరి దారి దొరకలేదు. పేపర్ పేరు ఇక్కడ పెట్టు, నేను చదివిందైతే ఏ భాగం వదిలేయొచ్చో చెప్తాను.