ట్రైనింగ్ వీడియోలో ప్రతి చోటా జూమ్ పెట్టాలా, వద్దా?

రాయగడ లెక్కలు:
మాది రాయగడలో కిరాణా హోల్‌సేల్. గుణుపురం, బిస్సం కటక్, మునిగుడ బ్రాంచీల్లో బిల్లులు కొట్టే కుర్రాళ్ల కోసం ట్యాలీ ప్రైమ్‌లో సేల్స్ బిల్లు వేయడం మీద ఆరు నిమిషాల వీడియో చేశాను. వాళ్లలో సగం మంది తెలుగు, సగం మంది ఒడియా. ఓబీఎస్‌తో లాప్‌టాప్ స్క్రీన్ రికార్డు చేసి, ప్రతి చోటా రెండింతల జూమ్, మౌస్ చుట్టూ పసుపు వలయం, బాణాల పక్కన తెలుగు రాతలు పెట్టాను. అక్షరాలు మసకగా ఉన్నాయంటున్నారు. జూమ్ పెంచాలా, తీసేయాలా?

జయపురం ఎడిటర్:
తీసేయడమా? జూమ్ లేకపోతే ఫోన్‌లో ఏం కనిపిస్తుంది? 24 అంగుళాల మానిటర్ వెడల్పు 53 సెంటీమీటర్లు. ఫోన్ నిలువుగా పట్టుకుంటే వీడియోకి దక్కేది ఏడు సెంటీమీటర్లు. అంటే అక్షరం ఏడెనిమిదో వంతుకి కుంచించుకుపోతుంది. అడ్డంగా తిప్పినా మూడో వంతు కంటే తక్కువే. ప్రతి చర్యకీ జూమ్ ఇన్, అది అయిపోగానే జూమ్ అవుట్ పెట్టండి. స్క్రీన్ కదులుతూ ఉంటే నిద్ర కూడా రాదు. నేను చేసే వీడియోలన్నీ అలాగే ఉంటాయి, ఇంతవరకూ ఒక్క కస్టమరూ వంక పెట్టలేదు.

బరంపురం బాబాయ్:
జూమ్ ఫ్రీగా వాడితే 40 నిమిషాలకి మీటింగ్ తెగిపోతుంది బాబూ. మా మనవడి క్లాసు అలాగే మధ్యలో పోయేది.

జయపురం ఎడిటర్:
బాబాయ్, ఇది ఆ జూమ్ కాదు.

పర్లాకిమిడి మాస్టారు:
ముందు ఒకటి చెప్పండి. మీ లాప్‌టాప్ స్క్రీన్ 1366×768 అయి ఉంటుందా? అయితే వీడియోని 1920×1080లో తయారుచేసి రెండింతలు జూమ్ చేసినప్పుడు అసలు స్క్రీన్ మీది 683 చుక్కలను 1920 చుక్కల వెడల్పుకి సాగదీస్తున్నారు. దాదాపు మూడింతలు. మసక రాకుండా ఎలా ఉంటుంది? సాగదీసినంత మాత్రాన లేని గీత పుట్టదు.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. ట్యాలీలో బిల్లు తేదీ ఎక్కడుంటుంది? కుడివైపు పైన. మీరు సరుకుల వరసల మీదికి రెండింతలు జూమ్ చేయగానే ఆ మూల ఫ్రేములోంచి బయటికి పోతుంది. చూసే కుర్రాడికి ఆరు నిమిషాల్లో తేదీ ఒక్కసారీ కనిపించదు. రేపు బ్రాంచిలో F2 నొక్కి తేదీ మార్చాలని తట్టక, పాత తేదీ మీదే బిల్లులు కొడతాడు. జూమ్ ఒకదాన్ని చూపిస్తుంది, దాని చుట్టూ ఉన్నదాన్ని దాచేస్తుంది.

జయపురం ఎడిటర్:
చుక్కల సంగతికి మందు ఉంది. ఓబీఎస్‌లో అవుట్‌పుట్‌ని 3840×2160 పెట్టుకుంటే 4కే రికార్డింగ్ వస్తుంది, రెండింతలు జూమ్ చేసినా చెక్కు చెదరదు. ఇది అందరికీ తెలిసిన పద్ధతే. తేదీ కోసం జూమ్ మానేయమనడం ఏంటండీ, తేదీ మీదికి ఇంకో జూమ్ వేస్తే సరిపోతుంది. మౌస్ చుట్టూ వలయం మాత్రం తీయకండి. వలయం లేని వీడియోలో కర్సర్ ఎటు పోయిందో వెతుక్కోవడమే సరిపోతుంది.

పర్లాకిమిడి మాస్టారు:
స్క్రీన్ నిజంగా 4కే అయితే మీ మాట నూటికి నూరు నిజం. 768 వరసల లాప్‌టాప్‌లో అవుట్‌పుట్ అంకె మారిస్తే ఫైలు బరువెక్కుతుంది, అక్షరం మాత్రం అదే. ఆయనకి కావలసింది హెచ్‌డీఎంఐ కేబుల్. షాపులో 1080 మానిటరో టీవీయో ఉంటే తగిలించి, విండోస్‌లో Scale 150% పెట్టి, ట్యాలీ మూసి మళ్లీ తెరిచి, ఆ స్క్రీన్‌నే రికార్డు చేయాలి. ఓబీఎస్ వీడియో సెట్టింగుల్లో బేస్, అవుట్‌పుట్ రెండూ 1920×1080 ఉండాలి. అక్షరాలు పుట్టుకతోనే పెద్దవిగా వస్తాయి కాబట్టి చాలా చోట్ల జూమ్ అవసరమే పడదు. కొన్ని పాత సాఫ్ట్‌వేర్‌లు ఈ Scaleకి తామే మసకబారతాయి. ముందు ఒక స్క్రీన్‌షాట్ తీసి పెద్దది చేసి చూస్తే తెలిసిపోతుంది.

వలయం గురించి. ట్యాలీలో బిల్లు వేసేవాడు మౌస్ ముట్టుకుంటాడా? F8 నొక్కుతాడు, పార్టీ పేరు కొడతాడు, ఎంటర్, ఎంటర్, చివర Ctrl+A. మౌస్ ఓ మూల పడి ఉంటుంది. మీ పసుపు వలయం ఏమీ జరగని చోట వెలుగుతూ కూర్చుంటుంది. పైగా అంకెల మీదే ఆగిపోతే ఆ అంకె చదవలేం. అక్కడ చూపించాల్సింది నొక్కిన కీ. నొక్కిన క్షణంలో కింద ఎడమ మూల పెద్దగా F8 అని ఒక పెట్టె రావాలి, రెండు సెకన్లు ఉండాలి, పోవాలి.

జయపురం ఎడిటర్:
ఓబీఎస్ కర్సర్‌ని వీడియోలోనే కాల్చేస్తుంది, తర్వాత పెద్దది చేయలేం. అందుకే ముందే వలయం పెట్టుకోవాలి. కామ్‌టాసియాలో అయితే కర్సర్ విడిగా ఉంటుంది, తర్వాత ఎంత కావాలంటే అంత పెంచుకోవచ్చు. వలయం వద్దనేవాళ్లు ఈ తేడా తెలుసుకుని మాట్లాడితే బాగుంటుంది.

పర్లాకిమిడి మాస్టారు:
తేడా తెలుసు. నేను అడిగింది ట్యాలీలో మౌస్ ఎక్కడ వాడుతున్నారని.

గుణుపురం గీత:
కీ పెట్టెల విషయంలో మాస్టారి మాటే నాదీ, కారణం మాత్రం వేరు. ఇక్కడ ఒక కంప్యూటర్ సెంటర్‌కి నేను ఇలాంటి పాఠాలే చేసిచ్చాను. బాణాలన్నిటి పక్కనా తెలుగు వాక్యాలు రాశాను. అంతా అయ్యాక ఒడియా పిల్లలు ఎక్కువ చేరారు, ఒడియాలో కూడా ఇవ్వమన్నారు. గొంతు మారిస్తే చాలనుకున్నారు వాళ్లు. రాతలన్నీ బొమ్మలో కలిసిపోయి ఉన్నాయి, ఎడిటింగ్ ఫైళ్లు వాళ్ల దగ్గరే ఉన్నాయి, నాకు ఇవ్వలేదు. మొదటి నుంచి మళ్లీ చేశాను. రెండోసారికి పైసా రాలేదు. ఈనాటికీ ఆ వీధిలోంచి వెళ్తే కడుపు మండుతుంది.

F8 తెలుగువాడికీ ఒడియావాడికీ F8నే. ఎర్ర గడికి భాష లేదు. రాత వద్దు, గడి, బాణం, కీ, అంతే. మాటలన్నీ గొంతులోనే ఉండాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. ఒకే వాక్యం రెండు భాషల్లో ఒకే సమయం పట్టదు. తెలుగు మాటకి సరిపెట్టిన జూమ్, ఒడియా గొంతు తగిలించగానే ముందో వెనకో పడుతుంది. జూమ్ తక్కువుంటే ఆ చోట్లలో ఒక ఫ్రేమును ఆపి సాగదీసి సర్దుకోవచ్చు. ప్రతి కీకీ జూమ్ ఉంటే సర్దడం కన్నా మళ్లీ చేయడం తేలిక.

రాయగడ లెక్కలు:
లాప్‌టాప్ 1366×768 నిజమే మాస్టారూ. ఇంకో మాట. వీడియో వాట్సాప్ గ్రూపులో పెట్టాను. నా లాప్‌టాప్‌లో చూస్తే అంత మసకగా లేదు.

పర్లాకిమిడి మాస్టారు:
ఇది మొదటే చెప్పాల్సింది కదయ్యా! వీడియోగా పంపితే వాట్సాప్ దాన్ని బాగా కుదించేస్తుంది. పెళ్లి వీడియోలో అది తెలియదు, సన్నని అక్షరాల్లో వెంటనే తెలుస్తుంది. అదే ఫైలుని డాక్యుమెంట్‌గా జతచేసి పంపితే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది, 2 జీబీ దాకా తీసుకుంటుంది. రెండు విధాలా పంపి, ఒకే ఫోన్‌లో ఒకే చోట ఆపి పోల్చండి. డాక్యుమెంట్‌లోనూ మసక ఉంటే అది మీ జూమ్ వల్ల, లేకపోతే వాట్సాప్ వల్ల.

జయపురం ఎడిటర్:
చూశారా, తప్పు జూమ్‌ది కాదు. ఇంతసేపూ నా పద్ధతి మీద పడ్డారు.

పర్లాకిమిడి మాస్టారు:
మూడింతలు సాగదీసింది వాట్సాపా? రెండూ కలిశాయి. తేదీ దాగడం అప్పటికీ ఇప్పటికీ జూమ్ వల్లే.

జయపురం ఎడిటర్:
మాస్టారూ, గౌరవంగానే అడుగుతున్నాను. మీరు ఎన్ని వీడియోలు అమ్మారు? ఆరు నిమిషాలు కదలకుండా నిలబడ్డ స్క్రీన్ చూపిస్తే డబ్బులిచ్చే ఓనరు "ఇది మా అబ్బాయి కూడా చేస్తాడు" అంటాడు. నాకు నిమిషానికి ఇంత అని ఇస్తారు. జూమ్, మెరుపు, వలయం ఉంటేనే పని చేసినట్టు కనిపిస్తుంది. పాఠం చెప్పడం తేలికే, బిల్లు వసూలు చేసి చూడండి.

పర్లాకిమిడి మాస్టారు:
నేను అమ్మలేదు. తప్పు తేదీల బిల్లులు దిద్దాను. నెలాఖరున జీఎస్టీ లెక్క కలవక, ఏ బ్రాంచిలో ఏ కుర్రాడు ఏ రోజు ఏం కొట్టాడో రాత్రి దాకా వెతికాను. ఆ కుర్రాళ్లని తిట్టారు. వాళ్లకి చూపించిన వీడియో చేసినవాడిని ఎవరూ అడగలేదు. మీ వీడియో ఓనరు గదిలో పెద్ద స్క్రీన్ మీద ఒకసారి ఆడుతుంది. బిస్సం కటక్‌లో గిరాకీ ఎదురుగా నిలబడి ఉండగా, ఒక చేత్తో ఫోన్ పట్టుకుని "ఇప్పుడేం నొక్కాలి" అని వెతికేవాడి కోసం నేను మాట్లాడుతున్నాను. వాడు వీడియో చూడడు, ఆపి చూస్తాడు. ఎక్కడ ఆపినా తానున్న స్క్రీన్ మొత్తం కనిపించాలి.

జయపురం ఎడిటర్:
అలాంటప్పుడు వీడియో ఎందుకు, నాలుగు స్క్రీన్‌షాట్లు ప్రింటు తీసి గోడకి అంటించండి.

గుణుపురం గీత:
కోపంతో అన్నారు గానీ, అది చెడ్డ ఆలోచనేం కాదు.

ఇద్దరూ ఒకే వీడియో గురించి కొట్లాడుకోవడం లేదు. ఒకరిది కొనేవాడికి చూపించేది, ఇంకొకరిది పని చేసేవాడు వాడుకునేది. రాయగడ అన్నయ్యా, మీది ఏది? జీతం తీసుకుని చేస్తున్నారు, అమ్మడం లేదు కదా.

రాయగడ లెక్కలు:
రెండోదే. కానీ ముందు మా ఓనరు చూసి సరే అనాలి. అక్కడే టెన్షన్.

పర్లాకిమిడి మాస్టారు:
అలా అయితే రెండే రెండు జూమ్‌లు పెట్టండి. సరుకు పేరు, పరిమాణం, ధర కొట్టే వరసకి ఒకటి, చివరి మొత్తానికి ఒకటి. ఒకటిన్నర రెట్లు దాటొద్దు. నడుస్తున్న జూమ్‌లో ఏ కీ నొక్కొద్దు. గొంతు "సరుకు పేరు" అనేలోపే ఫ్రేము అక్కడికి చేరి నిలబడి ఉండాలి. వరస అయ్యాక పూర్తి స్క్రీన్‌కి తిరిగొచ్చి, అప్పుడే Ctrl+A చూపించండి.

తేదీకి జూమ్ వద్దు. పూర్తి స్క్రీన్ మీద ఆ మూల ఒక ఎర్ర గడి గీసి, ఫ్రేము మూడు సెకన్లు ఆపి, కింద F2 పెట్టె చూపండి. వాడికి తేదీ కనబడటం కాదు ముఖ్యం, అది ఏ మూల ఉందో గుర్తుండాలి. గడి గీత మందంగా ఉండాలి. సన్నని ఎర్ర గీత ఫోన్‌కి వెళ్లేసరికి అలుక్కుపోతుంది.

రికార్డింగ్ ఎంకేవీలోనే చేయండి. మన కరెంటు సంగతి తెలిసిందే, మధ్యలో పోతే ఎంపీ4 ఫైలు తెరుచుకోకపోవచ్చు, ఎంకేవీలో అప్పటిదాకా వచ్చినది ఉంటుంది. తర్వాత ఓబీఎస్ ఫైల్ మెనూలో Remux Recordings ఉంటుంది, అక్కడ ఎంపీ4గా మార్చుకోవచ్చు.

రాయగడ లెక్కలు:
షాపు టీవీకి కేబుల్ పెట్టి మొదటి నిమిషం మళ్లీ తీశాను. అదే నిమిషం జూమ్‌లతో ఒకటి, జూమ్ లేకుండా తేదీ గడితో ఒకటి, రెండూ డాక్యుమెంట్‌గా గుణుపురం పంపాను. అక్కడి కుర్రాడు జూమ్ లేనిది ఆపి, రెండు వేళ్లతో తనే పెద్దది చేసుకుని చూశాడట. జూమ్ ఉన్నదాంట్లో వేళ్లు పెట్టేసరికి ఫ్రేము తనంతట తానే కదిలిపోతోందని విసుక్కున్నాడు. తేదీ మాత్రం మార్చాడు.

ఓనరుకి జూమ్ ఉన్నదే నచ్చింది.

జయపురం ఎడిటర్:
నేను చెప్పలా?

పర్లాకిమిడి మాస్టారు:
ఓనరు బిల్లులు కొడతాడా?

బరంపురం బాబాయ్:
ఆ డాక్యుమెంట్‌గా పంపడం ఎలాగో ఎవరైనా చెప్పండి బాబూ. నేను ఫోటోలు పంపినా మసకగానే వెళ్తున్నాయి.

గుణుపురం గీత:
జత చేసే క్లిప్ గుర్తు నొక్కండి బాబాయ్, గ్యాలరీ కాకుండా డాక్యుమెంట్ అన్నది ఎంచుకోండి, అందులోంచి ఫోటో వెతకండి. అన్నయ్యా, ఒడియా గొంతు ఎవరిది? ఇంకా తీయకపోతే ముందు తెలుగు, ఒడియా రెండూ రికార్డు చేసి, రెండింట్లో ఏది పొడుగైతే దానికి స్క్రీన్ సరిపెట్టండి. పొట్టిదానికి చివర ఖాళీ మిగిలితే ఎవరూ పట్టించుకోరు.