‘మెటీరియాలిటీ’ని తెలుగులో ఏమనాలి?

అనువాదకురాలు: ఒక రైతు ఉత్పత్తిదారుల కంపెనీ ఆడిట్ నివేదికను సభ్యుల కోసం తెలుగు చేస్తున్నాను. పేజీకి రెండుసార్లు ‘మెటీరియల్ మిస్‌స్టేట్‌మెంట్’ అని వస్తోంది. నిఘంటువు చూసి ‘భౌతికమైన తప్పుడు ప్రకటన’ అని రాసుకున్నాను, చదివితే నాకే నవ్వు వచ్చింది. ‘గణనీయమైన’ అని మార్చాను. సరిపోతుందా?

తెలుగు మాస్టారు: నిక్షేపంగా సరిపోతుందమ్మా. గణించదగినది గణనీయం.

విశ్రాంత ఆడిటర్: వ్యుత్పత్తి మీరు చెప్పినట్టే ఉంది మాస్టారూ. కానీ పత్రికల్లో ‘గణనీయంగా పెరిగింది’ అంటే బాగా పెరిగిందనే అర్థం. మా పనిలో పెద్దదా చిన్నదా అన్నది సగం మాటే. ఈ లెక్కలు చూసి అప్పు ఇచ్చేవాడు, వాటా కొనేవాడు, ఈ తప్పు తెలిసి ఉంటే మనసు మార్చుకునేవాడా? అసలు ప్రశ్న అది.

బి.కాం. విద్యార్థి: పన్నుకు ముందు లాభంలో 5 శాతం దాటితే మెటీరియల్, దాటకపోతే కాదు అని మాకు చెప్పారండీ.

విశ్రాంత ఆడిటర్: మెటీరియాలిటీ గురించి చెప్పే ఆడిట్ ప్రమాణం ఎస్ఏ 320లో ఆ 5 శాతం ఉదాహరణగా ఉంది, నిబంధనగా కాదు. పని అక్కడ మొదలవుతుంది, అక్కడితో అయిపోదు. ఒక కంపెనీకి 4 కోట్ల లాభం అనుకో. 5 శాతం అంటే 20 లక్షలు. ఆ గీత పెట్టుకున్నా, పరీక్షలు మాత్రం దానికంటే కింద, 15 లక్షల దగ్గర గీసుకుని చేస్తాం. మేము చూసేది కొన్ని వోచర్లే కాబట్టి మా కంటపడనివి ఎప్పుడూ కొన్ని మిగులుతాయి. ఆ 5 లక్షల ఎడం వాటి కోసం.

ఇప్పుడు మూడు తప్పులు దొరికాయి. ఏప్రిల్‌లో లారీ ఎక్కిన సరుకును మార్చి అమ్మకాల్లో చూపారు, దాంతో 6 లక్షల లాభం ముందే వచ్చింది. పాడైన నిల్వకు 4 లక్షలు తగ్గించలేదు. తరుగుదల 5 లక్షలు తక్కువ రాశారు. విడివిడిగా ఏదీ గీత దగ్గరకు కూడా రాదు. కానీ మూడూ లాభాన్ని పెంచినవే, కలిపితే 15 లక్షలు. ఇంకా చూడనివాటిలో ఇలాంటివి ఎన్ని ఉన్నాయోనన్న అనుమానం అక్కడే పుడుతుంది. పైగా లాభం 3 కోట్ల 90 లక్షలకు తగ్గకూడదని బ్యాంకు అప్పు పత్రంలో షరతు ఉందనుకో. తప్పులు దిద్దితే మిగిలేది 3 కోట్ల 85 లక్షలు. 20 లక్షల గీత దాటకపోయినా ఈ 15 లక్షలను వదలడానికి వీల్లేదు. కంపెనీ దిద్దనంటే నా ఆడిట్ నివేదికలో ఇచ్చే అభిప్రాయంలో ఆ సంగతి రాయాల్సిందే.

అపార్ట్‌మెంట్ సంఘం కోశాధికారి: మరి మా ఆడిటర్ 1,200 రూపాయల వోచర్ కోసం రెండు వారాలు ఎందుకు వేధించారండీ? కాగితం కళ్ళారా చూడాలన్నారు. ‘భౌతికత’ అంటే అదేననుకున్నాను!

విశ్రాంత ఆడిటర్: అది వేరే సంగతండీ, అక్కడ ఆయన అడిగింది ఆధారం. అయినా అడుగుతున్నాను, ఆ డబ్బు ఎవరు తీసుకున్నారు?

కోశాధికారి: నేనే. ప్లంబర్‌కు ఇచ్చాను.

విశ్రాంత ఆడిటర్: వోచర్లు రాసేది కూడా మీరేనా?

కోశాధికారి: అవును. అందుకేనంటారా!

విశ్రాంత ఆడిటర్: మీ మీద అనుమానం ఉందని కాదు. డబ్బు ఇచ్చేదీ వోచరు రాసేదీ ఒకరే అయితే చిన్న మొత్తాన్ని కూడా చిన్నదని పక్కన పెట్టం.

అనువాదకురాలు: ‘తప్పుడు ప్రకటన’ అన్న మాట కూడా గుచ్చుకుంటోంది. తరుగుదల పొరపాటున తక్కువ రాసినా తప్పుడుదేనా? ‘తప్పుడు’ అంటే కావాలని చేసినట్టే ఉంది.

తెలుగు మాస్టారు: ‘పొరపాటు’ అనేస్తే పోలా?

విశ్రాంత ఆడిటర్: అప్పుడు మోసం జారిపోతుంది. ఆ ఇంగ్లీషు మాటలో పొరపాటూ మోసమూ రెండూ ఉన్నాయి. ఉత్త ‘తప్పు’ చాలు.

అనువాదకురాలు: అయితే ‘లెక్కకు వచ్చే తప్పు’ అందామా? చిన్నవాటిని ‘అది లెక్కకు రాదు’ అనే అంటాం కదా.

తెలుగు మాస్టారు: లెక్కల పుస్తకంలో ‘లెక్కకు వచ్చే తప్పు’ అంటే చదివేవాడు కూడిక తప్పనుకుంటాడమ్మా. ‘పరిగణనీయం’ అనండి.

అనువాదకురాలు: ఆ మాట మా రైతుల నోరు తిరగదండీ.

బి.కాం. విద్యార్థి: నాదో సందేహం. అమ్మకాలు 40 కోట్లు, లాభం 8 లక్షలే అయితే? 5 శాతం అంటే 40 వేలు.

విశ్రాంత ఆడిటర్: 40 వేల గీతతో 40 కోట్ల కంపెనీని పరీక్షించాలంటే ఏడాది సరిపోదు నాయనా. అప్పుడు లాభాన్ని వదిలి అమ్మకాలను పట్టుకుంటాం. వాటిలో అర శాతం తీసుకుంటే 20 లక్షలు.

బి.కాం. విద్యార్థి: కానీ 10 లక్షల తప్పు దొరికితే లాభం పోయి నష్టం వస్తుంది కదండీ, గీత దాటకుండానే!

విశ్రాంత ఆడిటర్: వస్తుంది. గీత అలాగే ఉంటుంది, ఆ 10 లక్షలను మాత్రం వదలను. గీతను ఇంకా కిందికి దించాల్సిందని వాదించే ఆడిటర్లూ ఉన్నారు. వాళ్ళది తప్పనలేను.

అనువాదకురాలు: ప్రస్తుతానికి ‘నిర్ణయాన్ని మార్చగల తప్పు’ అని రాసి పంపుతున్నాను. పొడుగే, కానీ మా సభ్యులు అడ్డు ప్రశ్న వేయరు.

తెలుగు మాస్టారు: ఒక్క మాటకు మూడు మాటలా! నేను ఒప్పుకోను.