60 గంటల ఓటీ, 40 గంటల ఖాళీ: ఏది ఎవరి నెత్తిన వేయాలి?

లెడ్జర్_చిన్నోడు
అందరికీ నమస్తే అండి. జాబ్ కాస్టింగ్ సీట్లో కూర్చుని మూడు నెలలైంది. పోయిన వారం లేబర్ షీటును మా మేనేజర్ గారు ఎర్ర గీత కొట్టి వెనక్కి పంపారు. కారణం చెప్పలేదు, "ఆలోచించు" అన్నారంతే.

వివరాలు ఇవీ. పది మంది, ఒక్కొక్కరికి 48 గంటలు, అంటే 480. పైన ఓటీ 60 గంటలు. గంట రేటు 100, ఓటీకి రెండింతలు. కట్టింది మొత్తం 60,000. గేటు లెక్కలో 540 గంటలుంటే జాబ్ కార్డుల్లో 470 మాత్రమే ఉన్నాయి: ఎ జాబ్ 270, బి జాబ్ 200. తేడా 70లో 40 గంటలు బుధవారం కంప్రెసర్ ఆగిపోయి పది మందీ నాలుగేసి గంటలు కూర్చున్నవి. మిగతా 30 టూల్ మార్చడం, సెట్టింగ్, చిన్నాచితకా విరామాలు.

ఓటీలో 20 గంటలు ఎ జాబ్‌వి. కస్టమర్ రెండు రోజులు ముందే కావాలన్నాడు, అదనంగా ఇస్తానన్నాడు. మిగతా 40 గంటలు బుధవారం పోయిన పనిని పూడ్చడానికి. ఆ సాయంత్రాల్లో నడిచింది బి జాబ్ కాబట్టి బి మీద గంటకు 200 వేశాను. ఇంకోటి, బి జాబ్‌లో 200 పీసులకు 26 రిజెక్ట్ అయ్యాయి. మామూలుగా నూటికి నాలుగు పోతాయి. ఎక్కడ తప్పు చేశాను?

వేగంగా_ముగించు
తమ్ముడూ, ఇంత టెన్షన్ ఎందుకు? ఓటీలో రెండో వంద తీసేస్తే కట్టింది 54,000. దాన్ని 470తో భాగించు, 114.89 వస్తుంది. ప్రతి జాబ్ గంటకూ ఆ రేటు వేసెయ్. ఖాళీ గంటలన్నీ దానంతటవే సర్దుకుంటాయి. మేం ఏళ్ల తరబడి ఇలాగే చేస్తున్నాం, ఆడిటర్ ఒక్క మాట అనలేదు.

తూనికరాయి
సగం వరకు మీ మాట నిజమే. ఆ 30 గంటలు ఎలాగూ తప్పవు కాబట్టి రేటులో కలపొచ్చు, లేదా ఓవర్‌హెడ్‌లో వేయొచ్చు. రేటులో కలిపితే 500 గంటల డబ్బును 470తో భాగించాలి, 106.38 వస్తుంది. మీ 114.89లో కంప్రెసర్ కూడా కూర్చుని ఉంది. రేపు ఇదే రేటుతో కొత్త కొటేషన్ వేస్తే, ఒక బుధవారం చెడిపోయిన మెషీన్ ఖర్చును వచ్చే ఏడాది కస్టమర్‌ని అడుగుతున్నట్టే.

పేరోల్_అక్క
కంప్రెసర్ ఆగిన నాలుగు గంటలకు జీతం కోయొచ్చా అని కదా అడుగుతున్నారు? మా దగ్గర మనిషి గేటు లోపల ఉంటే కోయం. పంచ్ పడితే డబ్బు పడాల్సిందే.

లెడ్జర్_చిన్నోడు
కోత సంగతి కాదక్కా, కట్టేశాం. కట్టింది ఎక్కడ రాయాలన్నదే నా బాధ.

సూపర్‌వైజర్_గోడు
ఆ కంప్రెసర్ బెల్టు మార్చమని నేను నెల ముందే ఇండెంట్ పెట్టాను అనుకోండి. మీలాంటి ఆఫీసులోనే అది ఆగుతుంది. చివరికి రిపోర్టులో మాత్రం "ప్రొడక్షన్ ఐడిల్ టైమ్ 40 గంటలు" అని వస్తుంది! మా డిపార్ట్‌మెంట్ పేరు ఎందుకు రావాలి? అందుకే మా వాళ్లకు చెప్పేశా, ఖాళీగా ఉన్నా ఏదో ఒక జాబ్ నంబర్ రాసెయ్యండని.

తూనికరాయి
అయ్యా, ఆ చివరి మాటతోనే మొత్తం లెక్క పాడైంది. జాబ్ కార్డుల మొత్తం గేటు గంటలతో అక్షరాలా సరిపోయిన వారాన్ని నేను అసలు నమ్మను. పనిచేసే చోట ఖాళీ సున్నా ఉండదు. అలా వచ్చిందంటే ఎవరో సాయంత్రం కూర్చుని కార్డులు నింపారన్నమాట. మీ బాధకు మందు వేరే ఉంది. ఆగిన గంటకు విడిగా కార్డు, దాని మీద ఆగిన టైము, మళ్లీ మొదలైన టైము, కారణం, మీ సంతకం. అదే రోజు రాయాలి. అప్పుడు రిపోర్టులో మెయింటెనెన్స్ పేరే వస్తుంది, మీ పేరు రాదు.

సూపర్‌వైజర్_గోడు
సంతకం నాది, సుఖం మీది. సరే కానివ్వండి.

22ఏళ్ల_అనుభవం
నేను మూడు ప్లాంట్లలో కాస్టింగ్ సెట్ చేశాను, కాబట్టి ఒక్కసారి చెప్తాను వినండి. ఎ జాబ్ 20 గంటల ఓటీలో రెండో వంద, అంటే ప్రీమియం 2,000 ఎ మీదే, కస్టమర్ అడిగాడు కాబట్టి. 40 గంటల కంప్రెసర్ ఖాళీ 4,000 కాస్టింగ్ లాభనష్టాల ఖాతాకు. మిగతా 40 గంటల ఓటీ ప్రీమియం 4,000 ఓవర్‌హెడ్‌కు. అయిపోయింది. లాక్ చేసేయండి.

తూనికరాయి
మొదటి రెండూ సరే. మూడోది ఒప్పుకోను. పని ఎక్కువై, ఏ ఒక్క జాబ్‌ కోసమూ కాకుండా ఓటీ పెడితే ప్రీమియం ఓవర్‌హెడ్‌లోకి వెళ్తుంది, నిజమే. ఇక్కడ ఓటీ పుట్టింది కంప్రెసర్ వల్ల. ఖాళీ ఎక్కడికి పోతే ఈ 4,000 కూడా అక్కడికే పోవాలి.

22ఏళ్ల_అనుభవం
ఒకే బ్రేక్‌డౌన్‌కు రెండుసార్లు నష్టం రాస్తారా? ఒకసారి ఖాళీకి 4,000, మళ్లీ ఓటీకి 4,000? డబుల్ కౌంటింగ్ అని విన్నారా ఎప్పుడైనా?

తూనికరాయి
విన్నాను, ఇది అది కాదు. కంప్రెసర్ ఆగలేదనుకోండి. ఆ 40 గంటల పని బుధవారమే జరిగేది, 4,000 కట్టేవాళ్లం. జరిగిందేమిటి? బుధవారం పని లేకుండా 4,000 కట్టాం. తర్వాత అదే పనికి సాయంత్రాల్లో 8,000 కట్టాం. మొత్తం 12,000. ఇందులో జాబ్‌కు నిజంగా దక్కింది 40 గంటల మామూలు కూలి 4,000, అది జాబ్ మీదే ఉంటుంది. అదనంగా జేబులోంచి పోయింది 8,000. బ్రేక్‌డౌన్ ఖరీదు ఎనిమిది వేలు. నాలుగే చూపిస్తే మిగతా నాలుగూ ఓవర్‌హెడ్ రేటులో దాక్కుంటాయి.

22ఏళ్ల_అనుభవం
ఓవర్‌హెడ్ అంటే దాక్కోవడమా? ఇది పాఠం చదివిన వాళ్ల మాట. ప్లాంటులో ఏ ఓటీ ఎందుకు జరిగిందో ఎవడు రాస్తాడు?

పరీక్ష_దగ్గరపడింది
సార్ గొడవ పడకండి, పరీక్షలో ఏది రాయాలి? కారణం ఇవ్వకపోతే ఓవర్‌హెడ్ అని రాస్తే మార్కులు వస్తాయా?

తూనికరాయి
కారణం ఇవ్వకపోతే ఏం అనుకుంటున్నావో ఒక లైను రాసి ఓవర్‌హెడ్ వెయ్యి బాబూ. ఇక 22 ఏళ్ల అన్నగారికి: ఓటీ అనుమతి చీటీ మీద కారణం గడి లేకపోతే మీరన్నట్టు ఎవరూ రాయరు. చిన్నోడి దగ్గర కారణం రాసి ఉంది కదా. చిన్నోడూ, ఒక మాట చెప్పు, బుధవారం ఆగిన పది మందీ ఏ జాబ్ మీద ఉన్నారు?

లెడ్జర్_చిన్నోడు
ఇప్పుడే కార్డులు తీశాను. ఏడుగురు ఎ జాబ్ మీద, ముగ్గురు బి మీద! ఎ జాబ్ తొందర కాబట్టి గురువారం పగలంతా దాన్నే నడిపారు, బి సాయంత్రానికి జరిగింది.

తూనికరాయి
చూశారా. చాలావరకు ఆగింది ఎ, రెండింతల రేటు పడింది బి నెత్తిన. బి చేసిన పాపం ఏమిటి, చీకటి పడ్డాక వంతు రావడమా? మీ మేనేజర్ గీసిన ఎర్ర గీత దీనికే అయ్యుంటుంది. ఓటీని గడియారం చూసి జాబ్ మీద వేయకూడదు, ఎవరి కోసం జరిగిందో చూడాలి.

వేగంగా_ముగించు
కానీ బి జాబ్ కస్టమర్ వచ్చే వారం దాకా ఆగగలిగితే? అప్పుడు ఆ ఓటీ కంప్రెసర్ వల్ల కాదు, ప్లానింగ్ వాళ్ల తొందర వల్ల కదా.

తూనికరాయి
ఇది మంచి ప్రశ్న. అప్పుడు కూడా బి మీద పడదు. కంప్రెసర్ ఖాతాలో రాయాలా ప్లానింగ్ ఖాతాలో రాయాలా అన్నది మీ లోపలి గొడవ, నేను తేల్చలేను.

22ఏళ్ల_అనుభవం
సరే, చివరికి ఎక్కడ రాసినా వారం ఖర్చు 60,000లో మార్పు లేదు కదా. ఇంత రభస దేనికి?

తూనికరాయి
బి జాబ్ నెలాఖరుకు అమ్మకుండా స్టాకులో ఉంటే మార్పు ఉంది. దాని మీద వేసిన 4,000 ఖర్చు ఈ నెల కనబడదు, స్టాకు విలువగా బ్యాలెన్స్ షీటు ఎక్కుతుంది, లాభం అంత ఎక్కువ కనబడుతుంది. స్టాకు విలువ కట్టే అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఏఎస్ 2 కూడా మామూలుకు మించి వృథా అయిన మెటీరియల్‌ను, కూలిని స్టాకు ఖర్చులో కలపొద్దనే చెబుతుంది.

పేరోల్_అక్క
మరి రిజెక్ట్ పీసుల సంగతి ఎవరూ మాట్లాడరేం?

లెడ్జర్_చిన్నోడు
థాంక్స్ అక్కా. 26 పోయాయి. 8 అనుకున్నవే. మిగతా 18 ఎందుకంటే టేబుల్ మీద పాత డ్రాయింగ్ ఉండిపోయింది. పీసుకు గంట పని, చివరి ఇన్‌స్పెక్షన్‌లో దొరికాయి. 18 × 100 = 1,800 తీసేస్తే సరిపోతుందా?

22ఏళ్ల_అనుభవం
1,800 కరెక్ట్. పద్దెనిమిది గంటలు, పద్దెనిమిది వందలు.

తూనికరాయి
1,875. ఆ 8 పీసుల కూలిని మిగిలిన 192 మోయాలి, ఆ 192లో ఈ 18 కూడా ఉన్నాయి. 20,000ను 192తో భాగిస్తే 104.17, దాన్ని 18తో గుణిస్తే 1,875. మిగతా 18,125 మంచివైన 174 పీసుల మీద. మీ 1,800 తీసుకుంటే 18 చెడ్డ పీసుల వంతు మామూలు నష్టం కూడా మంచి పీసుల మీద పడుతుంది. ఆ గంటల మీద వేసిన ఓవర్‌హెడ్ కూడా ఇదే దామాషాలో బయటికి తీయాలి, మర్చిపోవద్దు.

22ఏళ్ల_అనుభవం
75 కోసం కాలిక్యులేటర్ అరగదీయడం మా వల్ల కాదు.

సూపర్‌వైజర్_గోడు
సగం పనిలోనే పట్టుకుని ఉంటే? మా దగ్గర మొదటి పీసు చెక్ చేస్తాం.

తూనికరాయి
అప్పుడు పట్టుకునే దాకా పెట్టిన గంటల విలువే వృథా. అందుకే రిజెక్షన్ స్లిప్పు మీద ఏ ఆపరేషన్ దగ్గర పట్టుకున్నారో రాయాలి. లేకపోతే చిన్నోడు పూర్తి గంట వేసేస్తాడు.

లెడ్జర్_చిన్నోడు
మళ్లీ వేశాను, చూడండి. జాబ్‌ల మీద మామూలు కూలి 47,000, ఎ మీద ప్రీమియం 2,000, చిన్న ఖాళీలు ఓవర్‌హెడ్‌కు 3,000, కంప్రెసర్ నష్టం 8,000. మొత్తం 60,000కు సరిపోయింది. తర్వాత బి నుంచి 1,875 నష్టానికి మార్చాను.

ఒక్కటే మిగిలింది. ఇప్పుడే ఫ్లోర్ నుంచి ఫోన్, ఆ కంప్రెసర్ మళ్లీ ఆగిందట. ఈ నెల ఇది మూడోసారి. ఇంకా అబ్‌నార్మల్ అనే రాయాలా?

వేగంగా_ముగించు
హహ, ప్రతి వారం వస్తే అది నార్మల్ అయిపోయినట్టే. నా 114.89 రేటే గెలిచింది.

తూనికరాయి
గెలవలేదు. తరచూ వచ్చినంత మాత్రాన తప్పించలేనిది అయిపోదు, బెల్టు మారిస్తే ఆగుతుంది కదా. కానీ ఆరు నెలలు మార్చకపోతే మాత్రం ఏమనాలో నాకూ కాస్త సందేహమే.

సూపర్‌వైజర్_గోడు
ముందు మా ఇండెంట్ మీద సంతకం పెట్టమనండి, తర్వాత పేరు పెట్టుకుందురు గానీ.